విదేశం నుంచి ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు పంపిన డబ్బు పడలేదా? బ్యాంకుకు ఉత్తరం ఇలా రాయండి

పంపిన బ్యాంకును అడిగితే "మా దగ్గర్నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది" అంటారు. ఇండియాలోని బ్రాంచికి ఫోన్ చేస్తే "మాకేమీ రాలేదండీ" అంటారు. మధ్యలో మీకు టెన్షన్. నిజానికి చాలాసార్లు ఇద్దరు చెప్పేదీ నిజమే. బ్రాంచి వాళ్ల తెరమీద కనపడేది మీ ఖాతాలో జమ అయిన డబ్బు మాత్రమే. జమ కాకముందు ఆ డబ్బు ఎక్కడుందో చూడగలిగేది బ్యాంకు కేంద్ర కార్యాలయంలోని ఫారెక్స్ విభాగం. అందుకే "నా డబ్బు ఎక్కడ?" అని బ్రాంచికి రాసిన ఉత్తరానికి "మీరు పంపిన బ్యాంకును సంప్రదించండి" అన్న జవాబే వస్తుంది. అడగాల్సిన ప్రశ్న వేరు. అదేమిటో తెలియాలంటే ముందు డబ్బు వచ్చే దారి చూడాలి.

డబ్బు ముందు ఎక్కడ పడుతుంది

హ్యూస్టన్‌లో ఉన్న ఒకాయన హైదరాబాద్‌లోని తన ఎన్‌ఆర్‌ఈ సేవింగ్స్ ఖాతాకు 8,000 డాలర్లు వైర్ చేశారనుకుందాం. ఆ డాలర్లు హైదరాబాద్ రావు. ఇండియాలోని ప్రతి పెద్ద బ్యాంకుకూ న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకులో సొంత డాలర్ ఖాతా ఉంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. డాలర్లు వెళ్లి పడేది అందులో. దానితోపాటు "ఈ డబ్బు ఫలానా ఖాతాదారుది" అని చెప్పే సందేశం స్విఫ్ట్ ద్వారా బ్యాంకుకు విడిగా అందుతుంది. సందేశం, డబ్బు రెండూ సరిపోలితేనే ఫారెక్స్ విభాగం దాన్ని రూపాయల్లోకి మార్చి మీ ఖాతాలో వేస్తుంది.

కాబట్టి మీ డబ్బు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది. నోస్ట్రోకు చేరకముందే మధ్యవర్తి బ్యాంకులో ఆగి ఉండొచ్చు. నోస్ట్రోకు చేరి మీ బ్యాంకు దగ్గరే ఆగి ఉండొచ్చు. లేదా తిరస్కరించి వెనక్కి పంపేసి ఉండొచ్చు. ఉత్తరంలో మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఒక్కటే: "మీ నోస్ట్రో ఖాతాలో ఈ మొత్తం పడిందా, పడితే ఏ తేదీన?" ఆ తేదీ కాగితం మీదకు వస్తే బ్యాంకు బాధ్యత ఎప్పుడు మొదలైందో తేలిపోతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మీరు డబ్బు పంపింది రెమిటెన్స్ యాప్ ద్వారా అయితే ఈ దారి వర్తించకపోవచ్చు. చాలా యాప్‌లు ఇండియాలోని ఒక భాగస్వామి బ్యాంకు నుంచి రూపాయల్లోనే నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్ చేస్తాయి. అలాంటప్పుడు యాప్ వాళ్ల దగ్గర ఆ చెల్లింపు తాలూకు యూటీఆర్ నంబరు, పంపిన భాగస్వామి బ్యాంకు పేరు తీసుకుని, వాటితో మీ బ్యాంకును అడగండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లిన స్విఫ్ట్ వైర్ గురించి.

మొదటి మెట్టు: రాసే ముందు పంపిన బ్యాంకు నుంచి తీసుకోవాల్సినవి

రసీదు చాలదు. రసీదులో ఉండేది ఆ బ్యాంకు తన లెక్క కోసం ఇచ్చుకున్న నంబరు. దాంతో ఇండియాలో ఎవరూ ఏమీ వెతకలేరు. మీరు అడగాల్సింది ఎంటీ103 కాపీ, అంటే మీ బ్యాంకుకు స్విఫ్ట్‌లో వెళ్లిన చెల్లింపు సందేశం కాపీ. 2025 నవంబరు నుంచి బ్యాంకుల మధ్య ఈ సందేశం pacs.008 అనే కొత్త రూపంలో వెళ్తోంది. అయినా కౌంటర్లో ఎంటీ103 అంటేనే అందరికీ అర్థమవుతుంది. కాపీలో ముందుగా చూడాల్సిన వరసలు ఇవి:

```
:20:   పంపిన బ్యాంకు రిఫరెన్సు
:32A:  తేదీ, కరెన్సీ, మొత్తం
:50K:  పంపినవారు
:57A:  డబ్బు అందాల్సిన బ్యాంకు
:59:   అందుకునేవారి ఖాతా నంబరు, పేరు
:70:   ఎందుకోసం పంపారు
:71A:  చార్జీలు ఎవరివి: OUR పంపినవారివి, SHA ఇద్దరూ పంచుకునేవి, BEN అందుకునేవారివి
```

వీటన్నిటికన్నా ముఖ్యమైనది యూఈటీఆర్. ఇది 36 అక్షరాల గుర్తు. 8-4-4-4-12 చొప్పున గీతలతో విడదీసి ఉంటుంది. దారిలో ఎన్ని బ్యాంకులు మారినా ఇది మారదు. ఏ బ్యాంకు ఫారెక్స్ విభాగమైనా దీంతో చెల్లింపును వెతికి పట్టుకోగలదు. దీన్ని చూసి టైప్ చేయకండి, కాపీ చేసి అతికించండి. ఒక్క అక్షరం తప్పినా "అలాంటిదేమీ లేదు" అన్న జవాబు వస్తుంది, వారం వృథా.

తర్వాత `:59:` వరసను మీ పాస్‌బుక్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మన తెలుగువాళ్ల పేర్లకు ఎక్కువ తంటా వచ్చేది ఇక్కడే. ఎప్పుడో తెరిచిన ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు విడిగా ఉంటుంది. అమెరికా బ్యాంకు దాన్ని చివరికి తీసుకెళ్లి, మధ్యలో ఉన్న పేరును ఒక అక్షరానికి కుదించి పంపుతుంది. మనకు చూడగానే ఒకే మనిషి అని తెలుస్తుంది. పేర్లు పోల్చే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, పక్కన పెట్టేస్తుంది. తేడా కనిపిస్తే ఉత్తరంలో మీరే ముందుగా చెప్పేయండి. వాళ్లు కనిపెట్టి అడిగేదాకా ఆగితే మరో విడత ఉత్తరాలు నడుస్తాయి.

పంపిన బ్యాంకును ఇంకొకటి అడగండి: "స్విఫ్ట్ ట్రాకర్‌లో చివరి స్థితి ఏమిటి?" `ACCC` అని ఉంటే అందుకున్న బ్యాంకు ఖాతాలో జమ చేశామని చెప్పినట్టు. `ACSP` అంటే ఇంకా దారిలో ఉన్నట్టు, దాని పక్కన ఒక కారణం కోడ్ ఉంటుంది. `G003` ఉంటే అందుకునేవారి నుంచి పత్రాలు కావాలి. `G004` ఉంటే సందేశం వచ్చింది గానీ నిధుల కోసం చూస్తున్నారు. `RJCT` అంటే తిరస్కరించారు. ఈ ఒక్క కోడ్ మీ ఉత్తరం తీరునే మార్చేస్తుంది. `G004` అయితే మీ బ్యాంకుతో గొడవ పడి లాభం లేదు, పంపినవైపే వెతకాలి.

ఇదే కౌంటర్లో "రీకాల్ చేయమంటారా?" అని అడుగుతారు. అప్పుడే వద్దనండి. ఆచూకీ తీయడం వేరు, వెనక్కి రప్పించడం వేరు. రేపో మాపో జమ కావాల్సిన డబ్బుకు రీకాల్ సందేశం తగిలితే మీ బ్యాంకు దాన్ని ఆపేస్తుంది, ఆ చిక్కు విప్పడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అలాగే మొదటిది తేలకుండా అదే మొత్తాన్ని మళ్లీ పంపకండి.

రెండో మెట్టు: ఎప్పుడు, ఎవరికి, ఏ దారిలో

పంపిన రోజు, రెండు దేశాల సెలవులు, రెండో శనివారం, నాలుగో శనివారం తీసేసి లెక్కపెట్టండి. అలా నాలుగైదు పనిదినాలు దాటాయంటే రాయడానికి సమయం వచ్చినట్టే.

ఉత్తరం బ్రాంచి మేనేజరు పేర రాసి, ఫారెక్స్ విభాగానికీ ఎన్‌ఆర్‌ఐ సేవల విభాగానికీ కాపీ పెట్టండి. బ్యాంకులో నమోదైన మెయిల్ ఐడీ నుంచే పంపాలి. వేరే ఐడీ నుంచి వచ్చినదానికి ఖాతా వివరాలు చెప్పకూడదు కాబట్టి జవాబివ్వరు. నెట్ బ్యాంకింగ్‌లో సందేశం పంపే వీలుంటే అది ఇంకా మేలు, అందులో ఫిర్యాదు నంబరు వెంటనే వస్తుంది. నాన్నగారినో తమ్ముణ్నో బ్రాంచికి పంపేటట్లయితే, "ఈ ఉత్తరం అందజేసి రసీదు తీసుకోవడానికి, జవాబు అందుకోవడానికి ఫలానా వారికి అధికారం ఇస్తున్నాను" అని సంతకం పెట్టిన చిన్న కాగితం వారి చేతికివ్వండి. ఉత్తరం రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకుని రమ్మనండి.

ఫారెక్స్ విభాగం సాధారణంగా వేరే రాష్ట్రంలో ఉంటుంది. అందుకని కింది నమూనాను ఇదే వరసలో ఇంగ్లిష్‌లోకి మార్చి పంపడం సులువు. వరస మాత్రం మార్చకండి. చదివే ఉద్యోగి మొదటి నాలుగు వాక్యాల్లోనే వెతుకులాట మొదలుపెట్టగలగాలి.

మూడో మెట్టు: ఉత్తరం

> విషయం: ఎన్‌ఆర్‌ఈ ఖాతా నంబరు ……కు వచ్చిన 8,000 అమెరికన్ డాలర్ల చెల్లింపు జమ కాలేదు. యూఈటీఆర్: ……
>
> మేనేజరు గారికి,
>
> నేను మీ బ్రాంచిలో పై ఎన్‌ఆర్‌ఈ సేవింగ్స్ ఖాతా ఉన్న ప్రవాస భారతీయుణ్ని. ప్రస్తుతం హ్యూస్టన్‌లో నివసిస్తున్నాను. జూలై 8న ఇక్కడి నా సొంత ఖాతా నుంచి, నా జీతం పొదుపులోంచి, 8,000 డాలర్లు పై ఖాతాకు పంపాను. చార్జీలు SHA పద్ధతిలో ఉన్నందున మీకు చేరిన మొత్తం కొంత తక్కువ ఉండవచ్చు. నేటికి, అంటే జూలై 16కి, డబ్బు నా ఖాతాలో జమ కాలేదు.
>
> పంపిన బ్యాంకు ఇచ్చిన సందేశం కాపీ జత చేశాను. వారి రిఫరెన్సు (20వ వరస): ……. ట్రాకర్‌లో స్థితి: ACSP/G003.
>
> దయచేసి కింది ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వండి.
>
> 1. ఈ యూఈటీఆర్‌తో చెల్లింపు సందేశం మీకు ఏ తేదీన అందింది?
> 2. ఈ మొత్తం మీ నోస్ట్రో ఖాతాలో జమ అయిందా? ఏ తేదీన, ఎంత?
> 3. చెల్లింపును ఆపి ఉంచితే కారణం ఏమిటి? నా నుంచి ఏ పత్రం కావాలి? ఆ విషయం నాకు ఏ తేదీన, ఏ ఫోన్ నంబరుకు లేదా మెయిల్‌కు తెలియజేశారు?
> 4. వెనక్కి పంపి ఉంటే ఏ తేదీన, ఏ కారణంతో, ఏ రిఫరెన్సుతో పంపారు?
>
> సందేశంలో నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి ఇంటిపేరుతో ఉంది. మీ రికార్డులో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంది. ఇద్దరూ ఒకరే అని తెలియజేస్తూ సంతకం చేసిన ప్రకటన, పాస్‌పోర్టు కాపీ జత చేశాను.
>
> ఆలస్యం మీ వైపు జరిగినట్లయితే ఫెడాయ్ నిబంధనల ప్రకారం, మీ పరిహార విధానం ప్రకారం నాకు రావాల్సిన వడ్డీని, మారకపు రేటు నష్టాన్ని లెక్కగట్టి జమ చేయగలరు.
>
> దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు తెలియజేయగలరు.
>
> సంతకం, పేరు, నమోదైన మెయిల్, విదేశీ ఫోన్ నంబరు
> జతలు: సందేశం కాపీ, పాస్‌పోర్టు కాపీ, పేరు ప్రకటన

ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెప్పాలి. "నా సొంత ఖాతా నుంచి, నా జీతం పొదుపులోంచి" అన్నది ఊరికే రాసింది కాదు. విదేశాల నుంచి వచ్చే ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఒక పర్పస్ కోడ్ వేసి రిజర్వు బ్యాంకుకు నివేదించాలి. ఎవరి డబ్బు, ఎందుకోసం అన్నది తెలియకపోతే ఫైలు కదలదు. ఇంట్లోవాళ్ల ఖర్చులకు పంపే డబ్బుకు సాధారణంగా వాడేది `P1301`. ప్రవాస డిపాజిట్ ఖాతాల్లోకి వచ్చే డబ్బుకు `P0014` ఉంది. కోడ్ ఏది వేయాలన్నది బ్యాంకు పని, ఉద్దేశం స్పష్టంగా చెప్పడం మీ పని.

"తక్కువ ఉండవచ్చు" అన్న మాట లేకపోతే ఉద్యోగి సరిగ్గా 8,000 కోసం వెతికి, మధ్యవర్తి బ్యాంకు 25 డాలర్లు కోసుకున్నాక వచ్చిన 7,975 కనపడినా అది వేరేదనుకునే ప్రమాదం ఉంది.

ఇక రాయకూడనివి. ఓటీపీ, పాస్‌వర్డ్, కార్డు నంబరు ఏ ఉత్తరంలోనూ ఉండకూడదు. మీ డబ్బు విడుదల కావాలంటే ముందు రుసుమో పన్నో కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. చార్జీలుంటే బ్యాంకు వచ్చిన డబ్బులోంచో మీ ఖాతాలోంచో తీసుకుంటుంది.

నాలుగో మెట్టు: జవాబును చదవడం

"నోస్ట్రోలో పడలేదు" అని రాతలో వస్తే, ఆ జవాబునే పంపిన బ్యాంకుకు పంపి, మధ్యవర్తి బ్యాంకు దగ్గర విచారణ చేయమనండి. అక్కడ ఎక్కువగా ఆగేది ఆంక్షల జాబితాలతో పేర్లు పోల్చే దగ్గర. పంపినవారి పుట్టిన తేదీ, పూర్తి చిరునామా అడుగుతారు. అవి ఇస్తే కదులుతుంది.

"వెనక్కి పంపాం" అంటే తేదీ, రిఫరెన్సు తీసుకుని పంపిన బ్యాంకుకు ఇవ్వండి. వెనక్కి వచ్చేటప్పుడూ చార్జీలు కోస్తారు కాబట్టి అక్కడా సరిగ్గా అదే మొత్తం కోసం వెతకమనకండి. మళ్లీ పంపే ముందు తిరస్కరణకు కారణం సరిచేయండి. విదేశాలకు వెళ్లాక కూడా పాత రెసిడెంట్ సేవింగ్స్ ఖాతానే వాడుతున్నవాళ్లకు ఈ తిరస్కరణ ఎదురుకావచ్చు. దానికి ఉత్తరం మందు కాదు, ముందు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకుని, ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి.

"పడింది, పత్రాల కోసం ఆపాం" అన్నది మన హ్యూస్టన్ ఆయనకు వచ్చిన జవాబు. న్యూయార్క్ నోస్ట్రోలో జూలై 9న 7,975 డాలర్లు పడ్డాయి. ఆ సమాచారం ఇండియాకు 10వ తేదీ గురువారం అందింది. పేరు తేడాతో ఆగింది. 11న వివరణ కోరుతూ ఎస్సెమ్మెస్ పంపారు. కానీ అది ఆయన ఇండియా పాత నంబరుకు వెళ్లింది. ఆ సిమ్ పనిచేయక చాలాకాలమైంది. ప్రవాసుల డబ్బు ఆగినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: బ్యాంకులో ఉన్నది ఏ నంబరు? ఆయన అదృష్టం, అమెరికా నంబరు, మెయిల్ ఇచ్చి మార్చమని జనవరిలోనే ఫారం ఇచ్చి, ముద్ర వేసిన కాపీ దాచుకున్నారు. ఉత్తరం, ప్రకటన అందాక జూలై 24న డబ్బు పడింది.

ఐదో మెట్టు: ఆలస్యానికి పరిహారం

విదేశీ మారకద్రవ్య డీలర్ల సంఘం ఫెడాయ్ నిబంధన ఏం చెబుతుందంటే, నోస్ట్రోలో జమ అయినట్టు సమాచారం అందిన రెండు పనిదినాల్లోగా బ్యాంకు డబ్బు చెల్లించాలి, లేదా ఖాతాదారుకు తెలియజేయాలి. ఆలస్యమైతే సేవింగ్స్ వడ్డీ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఆ మధ్య మారకపు రేటు పడిపోతే ఆ నష్టాన్ని కూడా తన పరిహార విధానం ప్రకారం పూడ్చాలి. "లేదా తెలియజేయాలి" అన్న మాట గమనించండి. బ్యాంకు సరైన నంబరుకు సకాలంలో తెలియజేసి, మీరు జవాబివ్వకపోతే పరిహారం అడగడానికి పెద్దగా బలం ఉండదు. ఉత్తరంలో మూడో ప్రశ్న చివర "ఏ నంబరుకు" అని అడిగింది అందుకే. మార్చమని రాసిచ్చాక కూడా పాత నంబరుకే పంపితే అది తెలియజేసినట్టు కాదని వాదించవచ్చు.

లెక్క ఇలా వేయాలి. సమాచారం గురువారం 10న అందింది. శుక్రవారం 11 ఒక పనిదినం. 12 రెండో శనివారం, 13 ఆదివారం. సోమవారం 14 రెండోది. 14 నాటికి పడాల్సింది 24న పడింది, ఆలస్యం 10 రోజులు. లెక్క కోసం 14న బ్యాంకు కొనే రేటు 86 రూపాయలు, 24న 85.60, సేవింగ్స్ వడ్డీ 2.5 శాతం అనుకుందాం. 14 నాటి విలువ 7,975 × 86 = 6,85,850 రూపాయలు. దాని మీద 4.5 శాతం చొప్పున 10 రోజుల వడ్డీ సుమారు 846 రూపాయలు. రేటు తేడా 7,975 × 0.40 = 3,190 రూపాయలు. చూడండి, వడ్డీకన్నా రేటు నష్టమే ఎక్కువ. ఆలస్యం ఒప్పుకున్నా బ్యాంకు వడ్డీ మాత్రమే ఇచ్చి ఊరుకుంటే ఈ రెండో భాగాన్ని పేరుపెట్టి అడగాలి. ఏ తేదీ రేటు లెక్కలోకి తీసుకుంటారో బ్యాంకు వెబ్‌సైట్‌లోని పరిహార విధానంలో ఉంటుంది, ముందు అది చదివి ఆ పేరా సంఖ్యే ఉత్తరంలో రాయండి. రేటు పెరిగి ఉంటే నష్టమేమీ లేదు, వడ్డీ ఒక్కటే అడగాలి.

జవాబు రాకపోతే

వారం చూసి, అదే ఫిర్యాదు నంబరుతో నోడల్ అధికారికి రాయండి. కొత్త ఉత్తరం అక్కర్లేదు, పాతదాన్ని జత చేసి "పై నాలుగు ప్రశ్నలకు జవాబు రాలేదు" అన్న ఒక్క వాక్యం చాలు. మొదటి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు, విదేశం నుంచే చేయొచ్చు. బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు. తేదీ ఉన్న రసీదు, ఫిర్యాదు నంబరు అప్పుడే అక్కరకొస్తాయి.

డబ్బు పడ్డాక మూడు చూసుకోండి: ఎన్ని డాలర్లకు, ఏ తేదీ రేటుతో, ఏ పర్పస్ కోడ్‌తో జమ చేశారు. ఇవి ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైజులో ఉంటాయి, అడిగి తీసుకోండి. పేరు తేడా వల్ల ఆగిన డబ్బయితే, ఆ వారంలోనే పాస్‌పోర్టు ప్రకారం ఖాతాలో పేరు మార్పించుకోండి. ప్రకటన ఇచ్చి విడిపించుకున్నది ఆ ఒక్క చెల్లింపునే. పేరు అలాగే ఉంటే వచ్చే వైరు కూడా అదే చోట ఆగుతుంది.